వీసా కిటికీ ముందు శ్రావ్య

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. కూర్చోవడానికి కుర్చీ ఉండదు. కిటికీ ముందు నిలబడి, అద్దానికి అవతల ఉన్న ఆఫీసరుతో మైకులో మాట్లాడాలి. పక్క కిటికీలో ఎవరికో వీసా రాలేదన్న మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి చివరి నిమిషంలో ఏదీ చూసుకునే వీలుండదు. నాలుగేళ్ల బీటెక్కూ, ఏడాది పాటు పడ్డ అడ్మిషన్ల హైరానా, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పూ అన్నీ ఆ కాసేపటి మీదే ఆధారపడ్డట్టు అనిపిస్తుంది. చేతులు చల్లబడటం, తెలిసిన పేరే గుర్తుకు రాకపోవడం అందుకే.

ఈ భయానికి తెలుగు ఊళ్లలో దొరికే మందు ఒక్కటే: ప్రశ్నలూ జవాబులూ రాసి ఉన్న కాగితాల కట్ట. సీనియర్లు ఇస్తారు, కన్సల్టెన్సీలు ఇస్తాయి. పిల్లలు రాత్రింబవళ్లు బట్టీ పడతారు. చిక్కేమిటంటే, కట్టలో ఉన్న వరుసలో ఆఫీసరు ప్రశ్నలు అడగరు. పైగా ఒకే వాక్యాన్ని ఒకే రోజు పదిమంది నోట వింటారు. దీనికంటే ఇంట్లోనే నలుగురు కలిసి ఆడుకునే చిన్న నాటిక ఎక్కువ పనికొస్తుంది. నాటికలో ఎదుటి మనిషి మధ్యలో ఆపుతాడు, అనుకోని ప్రశ్న వేస్తాడు, జవాబు వినిపించనట్టు మొహం పెడతాడు. ఒక్కరే కూర్చుని చదువుకుంటే ఈ సాధన దొరకదు.

అలాంటి నాటిక ఒకటి ఇక్కడ ఉంది. పాత్రలు, డబ్బు లెక్కలు కల్పితం. నియమాలు మాత్రం నిజమైనవే. అసలు ఇంటర్వ్యూ ఇంగ్లిషులో సాగుతుంది, ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగులో ఇచ్చాం.

ఆఫీసరు ముందున్నది ఏమిటి?

నాటిక మొదలుపెట్టే ముందు ఆఫీసరు వేషం కట్టే మనిషికి ఒక సంగతి తెలియాలి. 1952 నాటి అమెరికా వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. విద్యార్థి వీసా అడిగేవారు శాశ్వతంగా స్థిరపడటానికే వస్తున్నారని ముందుగా భావించాలని అది చెబుతుంది. అలా కాదని ఆఫీసరుకు నమ్మకం కలిగించాల్సిన బాధ్యత విద్యార్థిదే. ఆఫీసరు ముఖం గంభీరంగా ఉండటానికి విద్యార్థి మీద కోపం కారణం కాదు. చట్టమే ఆయన్ను అనుమానంతో మొదలుపెట్టమంటోంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. విద్యార్థి కిటికీ దగ్గరకు వచ్చేసరికి ఆయన నింపిన డీఎస్-160 దరఖాస్తు ఆఫీసరు కంప్యూటర్‌లో తెరిచి ఉంటుంది. చదువు, తల్లిదండ్రులు, ఖర్చు భరించేవారు, అమెరికాలో ఉన్న బంధువులు, పాత ప్రయాణాలు, అంతకుముందు వీసా నిరాకరించారా లేదా అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రంలో కోర్సు పేరు, మొదలయ్యే తేదీ, ఏడాది ఖర్చు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న లెక్క ఉంటాయి. కాబట్టి ఆఫీసరు తెలియనిది తెలుసుకోవడానికి మాత్రమే అడగరు. కాగితం మీద ఉన్నదీ, ఎదుట నిలబడ్డ మనిషి చెబుతున్నదీ ఒకటేనా అని చూస్తారు. నాటికలో వచ్చే తడబాట్లన్నీ ఈ పోలిక దగ్గరే పుడతాయి.

రంగం సిద్ధం

శ్రావ్యది బాపట్ల. అక్కడే ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చేసి, బిస్కెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఏడాదిన్నర క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసింది. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో గ్రెయిన్ సైన్స్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. నాన్న రిటైరైన హెడ్మాస్టరు, అమ్మ గృహిణి. అక్క డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసరు పాత్ర బాబాయిది.

హాల్లో బల్ల అడ్డంగా వేసి, దాని వెనక బాబాయి ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటాడు. శ్రావ్య నాలుగడుగుల దూరంలో నిలబడుతుంది. టీవీలో వార్తలు కొంచెం గట్టిగానే మోగుతుంటాయి. బాబాయి చేతిలో ఆమె డీఎస్-160 ప్రింటూ, ఐ-20 కాపీ ఉంటాయి. ఆయన ప్రశ్నలు వాటిని చూసే అడగాలి, పుస్తకం చూసి కాదు. ఒక్కో ప్రశ్నా రెండుసార్లు నడుస్తుంది: మొదట తడబాటు, తర్వాత నిదానమైన జవాబు.

మొదటి ప్రశ్న: ఈ యూనివర్సిటీయే ఎందుకు?

ఆఫీసరు: గుడ్ మార్నింగ్. పాస్‌పోర్టు, ఐ-20 ఇవ్వండి. ఎక్కడికి వెళ్తున్నారు?

శ్రావ్య: గుడ్ మార్నింగ్ సర్, నా పేరు శ్రావ్య, నేను కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్తున్నాను, ఇది ప్రపంచ స్థాయి అధ్యాపకులు, అత్యాధునిక సదుపాయాలు, అద్భుతమైన పరిశోధనా వాతావరణం గల...

ఆఫీసరు: ఏ ఊర్లో ఉంది?

శ్రావ్య: మన్‌హటన్ సర్.

ఆఫీసరు: న్యూయార్క్‌లోనా?

శ్రావ్య: ఆఁ... అవును సర్... కాదు, అంటే...

శ్రావ్యకు ఊరు తెలుసు. కాన్సాస్ రాష్ట్రంలోనూ మన్‌హటన్ అనే ఊరుంది, ఆ యూనివర్సిటీ ఉన్నది అక్కడే. కానీ బట్టీ పట్టిన వాక్యం మధ్యలో తెగేసరికి ఆమె ఆలోచన కూడా తెగిపోయింది. కంగారులో ఆఫీసరు నోట ఏది వస్తే దానికి తలూపింది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదన్న ఇంటి పెంపకం చాలామంది తెలుగు పిల్లల చేత ఇలాగే ‘అవును సర్’ అనిపిస్తుంది. కిటికీ ముందు అది తప్పు జవాబుగా నమోదవుతుంది. ఆఫీసరు పొరబడినా, కావాలని పొరపాటుగా అడిగినా సరిదిద్దడం అగౌరవం కాదు.

ఇంకో లోపం కూడా ఉంది. ‘ప్రపంచ స్థాయి అధ్యాపకులు’ అన్న మాట ఏ యూనివర్సిటీకైనా అతుకుతుంది. అడిగినది ‘ఎక్కడికి’ అని మాత్రమే, ‘ఎందుకు’ అని కాదు. అడగని ప్రశ్నకు జవాబు మొదలుపెట్టినప్పుడే బట్టీ బయటపడుతుంది.

బాబాయి: ఆగమ్మా. మళ్లీ మొదటి నుంచి.

ఆఫీసరు: ఎక్కడికి వెళ్తున్నారు?

శ్రావ్య: కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి సర్. గ్రెయిన్ సైన్స్‌లో ఎంఎస్.

ఆఫీసరు: మన్‌హటన్ అని ఉంది. న్యూయార్క్‌లోనా?

శ్రావ్య: కాదు సర్, కాన్సాస్ రాష్ట్రంలోని మన్‌హటన్.

ఆఫీసరు: అక్కడే ఎందుకు?

శ్రావ్య: బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు పిండి నాణ్యత మారినప్పుడల్లా బ్యాచ్ పాడయ్యేది. ధాన్యం మర పట్టడం గురించి నేర్చుకోవాలనుకున్నాను. ఆ యూనివర్సిటీలో గ్రెయిన్ సైన్స్‌కు ప్రత్యేకంగా డిపార్ట్‌మెంట్ ఉంది, చదువుకోవడానికి క్యాంపస్‌లోనే హాల్ రాస్ పిండి మిల్లు ఉంది.

ఈ జవాబులో గొప్ప ఇంగ్లిషేమీ లేదు. ఆమె చేసిన పని, అక్కడ ఎదురైన సమస్య, దానికి జవాబు దొరికే చోటు అన్నీ ఒకే దారంలో ఉన్నాయి. ఇంకో విద్యార్థి ఈ మాటలు అరువు తీసుకోలేడు. అదే దాని బలం. కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లేవారైనా ఇంతే. ఫలానా కోర్సు, ఫలానా ల్యాబ్, ఫలానా ప్రాజెక్టు అని చెప్పగలిగితే చాలు. యూనివర్సిటీని కన్సల్టెన్సీ ఎంపిక చేసి, విద్యార్థి దాని వెబ్‌సైట్ కూడా తెరవకపోతే మాత్రం ఈ ప్రశ్న దగ్గర ఏ నాటికా కాపాడలేదు.

ఈ ప్రశ్న తెలుగు విద్యార్థులకు ఎందుకంత గట్టిగా ఎదురవుతుందో తెలియడం మంచిది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు ఇబ్బందిపడ్డవారిలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అప్పుడు అరెస్టయిన విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే, వారిలోనూ తెలుగువారు ఎక్కువ. చదువు కోసం వెళ్తున్నారా, చదువు పేరుతో వెళ్తున్నారా అన్న ప్రశ్న ఆఫీసరు మనసులో ఉండటానికి ఇలాంటి చరిత్ర కూడా ఒక కారణం.

రెండో ప్రశ్న: డబ్బు ఎవరు పెడుతున్నారు?

ఆఫీసరు: మీ ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

శ్రావ్య: మా నాన్నగారు సర్. 67 లక్షల ఫండ్స్ ఉన్నాయి సర్.

ఆఫీసరు: ఆయన ఏం చేస్తారు?

శ్రావ్య: రిటైర్డ్ హెడ్మాస్టర్ సర్.

ఆఫీసరు: పెన్షన్ తీసుకునే ఆయన దగ్గర 67 లక్షలు ఎలా వచ్చాయి?

శ్రావ్య: అంటే... లోన్ కూడా ఉంది సర్. ఇంకా నేను అక్కడికి వెళ్లాక పార్ట్‌టైమ్ చేస్తాను సర్, ఇబ్బంది ఉండదు.

శ్రావ్య అబద్ధం చెప్పలేదు. ఉన్న నిజాన్ని విడగొట్టి చెప్పకపోవడం వల్లే అనుమానం పుట్టింది. అప్పు మాట ఆఫీసరు రెట్టించాక బయటికి వచ్చింది. అలా వచ్చిన నిజం దాచిన సంగతిలా వినిపిస్తుంది. అప్పు చెప్పుకోవడం చిన్నతనమని చాలా కుటుంబాలు భావిస్తాయి. కాన్సులేట్‌లో బ్యాంకు విద్యా రుణం పరువు తక్కువ విషయం కాదు, శుభ్రమైన ఆధారం.

పార్ట్‌టైమ్ మాట ఇంకా పెద్ద తప్పు. ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే విద్యార్థి హోదాయే పోతుంది. ఖర్చుకు డబ్బు ముందే ఉందని చూపించడం వీసా షరతు. అక్కడ సంపాదించి కడతానంటే ఆ షరతు తీరలేదని తానే ఒప్పుకున్నట్టవుతుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. శ్రావ్య ఐ-20లో ఫీజు, ఇంటి ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 36,000 డాలర్లు ఉందనుకుందాం. డాలరుకు 90 రూపాయల చొప్పున 32 లక్షల 40 వేలు. ఐ-20లో ఉండేది ఒక్క ఏడాది లెక్కే, ఎంఎస్ రెండేళ్లు. రెండేళ్లకు సుమారు 65 లక్షలు కావాలి. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు మంజూరు చేసిన రుణం 45 లక్షలు, నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో దాచింది 22 లక్షలు. మొత్తం 67.

ఆఫీసరు: మీ ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

శ్రావ్య: బ్యాంకు విద్యా రుణం 45 లక్షలు మంజూరైంది సర్. మిగిలింది మా నాన్నగారి సేవింగ్స్, 22 లక్షలు.

ఆఫీసరు: ఆయన ఏం చేస్తారు?

శ్రావ్య: ప్రభుత్వ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆ సేవింగ్స్ రిటైర్మెంట్ బెనిఫిట్స్ నుంచి వచ్చినవే.

ఆఫీసరు: రెండో సంవత్సరానికి?

శ్రావ్య: రెండేళ్లకు 65 లక్షల దాకా అవుతుంది సర్. రుణం, సేవింగ్స్ కలిపి దానికి సరిపోతాయి.

పాత్రధారి నాన్న ఇక్కడ ఒక పని చేయాలి. కూతురితో కూర్చుని బ్యాంకు లేఖ, పాస్‌బుక్కు, రిటైర్మెంట్ కాగితాలు అన్నీ ఆమె చేతికిచ్చి చూపించాలి. డబ్బు విషయాలు ఆడపిల్లకెందుకని దాచిన ఇంట్లోంచి వచ్చిన అమ్మాయి ఈ ప్రశ్న దగ్గర నీళ్లు నమిలి తీరుతుంది.

కొందరు ఏజెంట్లు ‘షో మనీ’ పేరుతో వడ్డీకి డబ్బు తెచ్చి కొన్నాళ్లు ఖాతాలో వేయిస్తారు. హఠాత్తుగా వచ్చిపడిన పెద్ద మొత్తం ఎక్కడిదని ఆఫీసరు అడిగితే విద్యార్థి దగ్గర జవాబు ఉండదు. అది దొంగ కాగితంగా తేలితే ఈ ఒక్క వీసాతో పోదు. ఆ సంగతి మూడో రంగంలో వస్తుంది.

మూడో ప్రశ్న: అక్కడ బంధువులెవరైనా ఉన్నారా?

నాటికలో అసలు ఘట్టం ఇదే. శ్రావ్య నిలబడబోతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి మెల్లగా చెబుతుంది: “అక్క సంగతి అడిగితే లేదనవే. అక్కడ సొంతవాళ్లుంటే ఇవ్వరట. ఎదురింటావిడ చెప్పింది.”

ఆఫీసరు: అమెరికాలో మీ బంధువులెవరైనా ఉన్నారా?

శ్రావ్య: (కొంచెం ఆగి) లేరు సర్.

ఆఫీసరు ఏమీ అనలేదు. టైపు చేస్తున్నాడు.

డీఎస్-160లో తల్లిదండ్రులు కాక, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువులు అమెరికాలో ఉన్నారా అన్న ప్రశ్న ఉంటుంది. ఉంటే పేరు, ఏ హోదాలో ఉన్నారో కూడా రాయాలి. ఫారం నింపినప్పుడు శ్రావ్య అక్క పేరు రాసింది. ఇప్పుడు నోటితో లేరంది. ఒకవేళ ఫారంలోనూ దాచి ఉంటే చిక్కు ఇంకా పెద్దది. అక్క వీసాకు వెళ్లినప్పుడు ఇచ్చిన కుటుంబ వివరాలు అదే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి.

అక్క డల్లాస్‌లో ఉండటం వల్ల వీసా తనంతట తాను ఆగిపోదు. అమెరికాలో తోబుట్టువులున్న విద్యార్థులు ఎందరో వీసా తెచ్చుకున్నారు. కానీ వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెబితే, అదే చట్టంలోని 212వ సెక్షన్ కింద ఆ మనిషి అమెరికాలో అడుగుపెట్టడానికి శాశ్వతంగా అనర్హులు కావచ్చు. తర్వాత ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుంటే తప్ప పర్యాటక వీసా కూడా దొరకదు. చిన్న భయంతో అన్న ‘లేరు’ అన్న మాట వెనక ఇంత బరువుంది.

మాట జారితే ఏం చేయాలి? ఈ జవాబు సాధన చేయించడం కోసమే నాటికలో ఈ తప్పు పెట్టాలి. కాన్సులర్ ఆఫీసర్లు పాటించే నిబంధనల్లో, తప్పుడు మాటను సకాలంలో తనంతట తానే వెనక్కి తీసుకుంటే దాన్ని తప్పుడు వాంగ్మూలంగా లెక్కించకూడదన్న సూత్రం ఉంది. ఆఫీసరు పట్టుకున్నాక దిద్దుకుంటే అది వర్తించదు. అందుకని కిటికీ దగ్గరే, ఆయన తర్వాతి ప్రశ్న వేయకముందే చెప్పేయాలి.

శ్రావ్య: సారీ సర్, నా జవాబు తప్పు. కంగారులో అలా అన్నాను. మా అక్క డల్లాస్‌లో ఉంది, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తోంది. డీఎస్-160లో రాశాను.

ఇక్కడ బాబాయి ఆటను ఆపి, ఈ ఒక్క వాక్యాన్ని శ్రావ్య చేత నాలుగైదుసార్లు గట్టిగా చెప్పించాలి. తప్పు ఒప్పుకునే మాట నోటికి అలవాటు లేకపోతే అవసరమైన క్షణంలో గొంతు దాటి రాదు. తర్వాత సరైన జవాబు వంతు.

ఆఫీసరు: అమెరికాలో మీ బంధువులెవరైనా ఉన్నారా?

శ్రావ్య: ఉన్నారు సర్. మా అక్క డల్లాస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తోంది.

ఆఫీసరు: ఆమె దగ్గరే ఉంటారా?

శ్రావ్య: లేదు సర్. మన్‌హటన్‌లో క్యాంపస్ దగ్గరే ఉంటాను.

అడిగినంతే చెప్పింది, ఆగింది. అక్క జీతం, బావ ఉద్యోగం, వాళ్లిల్లు ఎంత పెద్దదో ఆఫీసరు అడగలేదు.

డీఎస్-160ను కన్సల్టెన్సీ చేత నింపించుకున్నవారు ఈ రంగానికి ముందే ప్రింటు తీసి మొదటి గడి నుంచి చివరి దాకా చదవాలి. ఎవరు టైపు చేసినా సంతకం విద్యార్థిదే. ‘కన్సల్టెన్సీవాళ్లు నింపారు సర్’ అన్న మాట కిటికీ ముందు చెల్లదు. తప్పు కనిపిస్తే ఇంటర్వ్యూకు చాలా ముందుగానే కొత్త ఫారం నింపి, కొత్త నంబరును అపాయింట్‌మెంట్‌కు జతచేసుకోవచ్చు.

నాలుగో ప్రశ్న: చదువయ్యాక?

ఆఫీసరు: ఎంఎస్ అయ్యాక ఏం చేస్తారు?

శ్రావ్య: ఓపీటీ చేసి, తర్వాత హెచ్-1బి తెచ్చుకుని, అక్కావాళ్లలాగే అక్కడే...

రెండో తరహా తడబాటు దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది:

శ్రావ్య: నా మాతృదేశాన్ని ప్రేమిస్తాను సర్, తప్పకుండా తిరిగొచ్చి దేశానికి సేవ చేస్తాను సర్.

మొదటిది 214(బి) సెక్షన్ అడుగుతున్న అనుమానాన్ని ఆమె నోటితోనే రుజువు చేసింది. రెండోది ఆఫీసరు రోజంతా వినే మాట, అందులో శ్రావ్య ఎక్కడా లేదు. ఓపీటీ అన్నది చట్టబద్ధమైనదే. చదివిన రంగంలో ఏడాది పాటు పని అనుభవం తెచ్చుకునే అవకాశం, కొన్ని సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకు మరో 24 నెలలు పొడిగిస్తారు. దాని గురించి సూటిగా అడిగితే తెలుసనే చెప్పాలి. కానీ ఆఫీసరు అడుగుతున్నది చదువు తర్వాత ఈ అమ్మాయి జీవితం ఎటు వెళ్తుందని.

ఇరవై మూడేళ్ల మనిషికి ఇల్లూ పొలమూ స్థిరమైన ఉద్యోగమూ ఉండవని ఆఫీసర్లకు తెలుసు. వారు చూసేది ఈ క్షణాన ఆ విద్యార్థి మనసులో ఉన్న ఉద్దేశం. కాబట్టి ఇక్కడ జవాబు తయారుచేయడం కంటే శ్రావ్య నిజంగా ఆలోచించుకోవడం అవసరం. నాటికను రెండు రోజులు ఆపి అయినా ఆమె ఆ పని చేయాలి.

శ్రావ్య: మా గుంటూరు, కృష్ణా వైపు రైస్ మిల్లులు చాలా ఉన్నాయి సర్. నూక, తవుడు నుంచి ఆహార ఉత్పత్తులు చేసే కంపెనీలో ప్రొడక్ట్ డెవలప్‌మెంట్‌లో పనిచేయాలని ఉంది. నాకు ల్యాబ్ అనుభవం ఉంది, మిల్లింగ్ రాదు. అందుకే ఈ కోర్సు.

మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబుతో ఇది కలిసింది. ఆఫీసరుకు ఒకే మనిషి కథ మొదటి నుంచి చివరి దాకా వినిపించింది.

గొంతు ఎండినప్పుడు

నాటికలో బాబాయి కొన్ని పనులు కావాలని చేయాలి. ఒక జవాబు తర్వాత అర నిమిషం ఏమీ మాట్లాడకుండా టైపు చేయాలి. కంగారుపడేవారు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక అడగని సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఆఫీసరు మాట్లాడే దాకా మౌనంగా నిలబడటం కూడా సాధన చేయాల్సిన విషయమే.

ఇంకోసారి అమెరికా యాసలో గబగబా అడగాలి. అర్థం కాని ప్రశ్నకు ఊహించి జవాబిస్తే సంబంధం లేని జవాబు వస్తుంది. ‘సారీ సర్, ప్రశ్న మళ్లీ చెబుతారా?’ అని అడగడంలో తప్పులేదు. యూనివర్సిటీ పేరే గుర్తుకు రాకపోతే అద్దం కింద పెట్టిన ఐ-20 వైపు చూసి ఒక్క క్షణం ఆగి చెప్పవచ్చు. ఫైలులోంచి కాగితాలన్నీ తీసి కిటికీలోకి తోయడం మాత్రం వద్దు. అడిగినవే ఇవ్వాలి. చాలాసార్లు పాస్‌పోర్టు, ఐ-20 తప్ప మరేదీ అడగరు.

ముగింపు రంగం మూడు రకాలు

నాటికను వీసా వచ్చినట్టే ముగించకూడదు. మూడు ముగింపులూ ఆడి చూడాలి.

ఆఫీసరు పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుని వీసా మంజూరైందంటే పని అయినట్టే. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే అమెరికాలో అడుగుపెట్టనిస్తారు కాబట్టి టికెట్టు ఆ లెక్కతో కొనుక్కోవాలి.

221(జి) అని రాసిన కాగితం ఇస్తే, ఏదో పత్రం కావాలనో, ఇంకా పరిశీలన మిగిలిందనో అర్థం. ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే ‘నిరాకరించారు’ అన్నట్టు కనిపించి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ కాగితం మీద అడిగినవి పంపి వేచి చూడాలి. చాలా కేసులు తర్వాత మంజూరవుతాయి.

214(బి) కాగితంతో పాస్‌పోర్టు వెనక్కిచ్చేస్తే, అది ఆ రోజు కథకు మాత్రమే ముగింపు. అప్పీలు లేదు, కిటికీ ముందు బతిమాలినా ఫలితం ఉండదు. ‘థాంక్యూ సర్’ అని బయటికి రావడం కూడా శ్రావ్య సాధన చేయాలి. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. 185 డాలర్ల వీసా ఫీజు మళ్లీ కట్టాలి. సెవిస్ కోసం కట్టిన 350 డాలర్లు మాత్రం, అదే తరహా కోర్సుకు 12 నెలల్లోపు తిరిగి దరఖాస్తు చేస్తే మళ్లీ కట్టక్కర్లేదు. తర్వాతి ఫారంలో మాత్రం ‘ఇంతకుముందు వీసా నిరాకరించారా’ అన్న గడిలో అవును అని రాయాలి. బయటికి రాగానే అడిగిన ప్రశ్నలూ, తానిచ్చిన జవాబులూ వరుసగా రాసుకుంటే రెండోసారి ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది. కథలో ఏ మార్పూ లేకుండా వారానికే మరో తేదీ తీసుకుంటే డబ్బు పోవడం తప్ప ప్రయోజనం తక్కువ.

ఇంటర్వ్యూ తేదీ దగ్గర పడుతున్న ఇళ్లలో ఈ నాటికకు పట్టేది ఒక సాయంత్రం. ఆఫీసరు పాత్రకు ఇంట్లో అందరికంటే మొహమాటం తక్కువున్న మనిషిని ఎంచుకోండి. అమ్మానాన్నలను ప్రేక్షకులుగా కూర్చోబెట్టండి, డబ్బు లెక్కా, బంధువుల సంగతీ వాళ్ల ముందే మాట్లాడండి. అన్నిటికంటే ముందు ఈ రాత్రే మీ డీఎస్-160 ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని, ప్రతి గడీ మీరే చదవండి.